కాళ్లు, తలకాయ, నల్లి: సూపులో ఏముంటుంది, వాసన ఎక్కడిది

"మా మామయ్యగారికి 71 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మేక కాళ్ల సూపు, తలకాయ సూపు పెడితే ఎముక తొందరగా అతుక్కుంటుందని అందరూ అంటున్నారు. నిజంగా వాటిలో అంత కాల్షియం ఉంటుందా? షాపులో కాల్చి ఇచ్చినవే తెస్తున్నాను. పసుపు, ఉప్పు వేసి నాలుగుసార్లు కడిగినా వాసన పోవడం లేదు. ఎలా శుభ్రం చేయాలి?"

అమ్మా, నేను పశువైద్యుణ్ణి. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం కబేళాలోనే గడిచింది. కోసే ముందు జీవాన్ని, కోసిన తర్వాత మాంసాన్ని పరీక్షించడం నా పని. ఇంట్లో ఆదివారం కాళ్లు, తలకాయ బాగుచేసేది కూడా నేనే. ముందు సూటిగా చెప్పేస్తాను. సూపులోకి దిగే కాల్షియం చాలా తక్కువ. దాంట్లో ఉండేది వేరే సరుకు, దాని గురించి కింద చెప్తాను. ఇక వాసన అంటారా, అది పైన అంటుకున్న మురికిది కాదు. చర్మం లోపల ఉండే వాసన గ్రంథులది. వాటిని కోసి తీసేయాలి తప్ప ఎన్నిసార్లు కడిగినా పోవు.

మొదట మీరు తెచ్చేది మేకదో గొర్రెదో తెలియాలి. మనం అలవాటుగా మేక కాళ్లు, మేక తలకాయ అంటాం కానీ మన దగ్గర మటన్ పేరుతో అమ్మేది చాలావరకు పొట్టేలే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే రెండింటికీ వాసన గ్రంథులు ఒకే చోట ఉండవు. గొర్రెకు నాలుగు కాళ్లలోనూ గిట్టల మధ్య ఒక్కో సంచి ఉంటుంది, కళ్ల ముందు ఒక్కో గుంట ఉంటుంది. మేకకు ఈ రెండూ ఉండవు. మేకపోతుకు మాత్రం కొమ్ముల వెనక చర్మంలో గ్రంథులుంటాయి. పోతు కంపు అనేది ప్రధానంగా అక్కడినుంచే.

కాళ్లతో మొదలుపెడదాం. కాల్చిన కాలును చేతిలోకి తీసుకుని ముందు వైపు చూడండి. రెండు గిట్టలు కలిసే చోటుకి కాస్త పైన, సరిగ్గా మధ్యలో కందిగింజ పట్టేంత చిన్న రంధ్రం కనిపిస్తే అది గొర్రె కాలు. ఒక్కోసారి ఆ రంధ్రంలోంచి నాలుగైదు వెంట్రుకలు పొడుచుకొచ్చి ఉంటాయి. మంట లోపలికి వెళ్లదు కాబట్టి కాల్చినా అవి పోవు. ఆ రంధ్రం వెనక చర్మం కింద వంకర తిరిగిన చిన్న గొట్టం లాంటి సంచి ఉంటుంది, చూపుడువేలు చివరి కణుపంత. దాని నిండా పసుపురంగు మైనం, వెంట్రుకలు. గొర్రె నడిచినప్పుడల్లా ఆ మైనం కొంచెం కొంచెం నేలకు అంటుకుని, వెనకొచ్చే గొర్రెలకు దారి చెప్తుంది. మీ సూపులో వాసన ఆ మైనానిదే. వేడి నీళ్లలో అది కరిగి కొవ్వుతో కలిసిపోతుంది. ఒకసారి కలిసిందంటే ఇక ఏ మసాలా దాన్ని పూర్తిగా కప్పలేదు.

తీసే పద్ధతి ఇది. సన్నటి, పదునైన కత్తి కావాలి. రంధ్రం చుట్టూ పావలా బిళ్లంత చర్మాన్ని గుండ్రంగా గీయండి. తర్వాత రెండు వేళ్ల మధ్య చర్మాన్ని కిందివరకూ నిలువుగా చీల్చి, గీసిన చర్మాన్ని పట్టుకుని మెల్లగా లాగుతూ చుట్టూ కత్తిమొనతో విడదీయండి. తెల్లటి సంచి మొత్తంగా ఊడి వస్తుంది. తొందరపడి గుచ్చితే సంచి చిట్లుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు నాలుగింటిలో రెండు చిట్లాయి, ఆ మైనం కత్తికి, చేతులకు, మిగతా ముక్కలకు అంటింది. అలా అయితే ఆ చోటు మాంసం కొంచెం ఎక్కువే కోసి పారేసి, కత్తిని, చేతులను సబ్బుతో కడిగి, అప్పుడే మరో కాలు ముట్టుకోండి. కొన్ని షాపుల్లో గిట్టల మధ్య చీల్చి ఇస్తారు. చీల్చారంటే సంచి తీసేశారని కాదు, ఒకసారి వేలు పెట్టి చూసుకోండి. ఇప్పటిదాకా ఒక్క సంచీ తీయకుండా వండి ఉంటే, మీరు కడగడంలో లోపమేమీ లేదు.

గిట్టలు ఎలాగూ తీసేయాలి. కాల్చిన వేడి మీదే కత్తి వెనకతో మొదట్లో గట్టిగా కొడితే డొప్పలా ఊడతాయి. చల్లారాక కష్టం. ఇంటికొచ్చాక కూడా మిగిలి ఉంటే స్టవ్ మంట మీద గిట్ట మొదలును రెండు నిమిషాలు తిప్పి కొట్టండి. డొప్ప ఊడాక లోపల తెల్లగా, గులాబిరంగుగా శుభ్రంగా ఉండాలి. నల్లగా కుళ్లి, ముక్కు మూసుకునేంత కంపు కొడుతుంటే ఆ జీవానికి గిట్ట కుళ్లు ఉందన్నమాట, ఆ కాలు పక్కన పెట్టేయండి. వేళ్ల మధ్య పచ్చి పుళ్లు కనిపించినా అంతే.

కాల్చడం సరిగా ఉందో లేదో ఇలా చూడండి. తడి చేత్తో చర్మాన్ని రుద్దండి. పొడి మసి వస్తే గ్యాస్ మీదో కట్టెల మీదో కాల్చినట్టు. జిడ్డుగా, నల్లగా, తారులా అంటుకుని రబ్బరు వాసనో కిరోసిన్ వాసనో వస్తే దేనితో కాల్చారో అనుమానించాలి. అలాంటివి కడిగి వాడుకునేవి కావు, తిరిగి ఇచ్చేయండి. మంచి మసి అయినా సూపులోకి పోకూడదు. కాల్చిన కాళ్లను గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, కత్తిని చర్మానికి నిటారుగా పట్టి గీకండి. చర్మం లేత తేనెరంగుకు వచ్చేదాకా గీకాలి. గరుకుగా తగిలే మొదళ్లుంటే ఆ చోటే మళ్లీ మంట చూపించి గీకాలి. ఆఖర్న బియ్యప్పిండో గోధుమపిండో పట్టించి రుద్ది కడగండి, జిడ్డును పిండి లాగేస్తుంది. పసుపు వేసుకోండి, తప్పేం లేదు, కానీ అది మసిని కానీ మైనాన్ని కానీ తీయదు.

కాల్చకుండా వెంట్రుకలతోనే దొరికితే చాలామంది సలసల మరిగే నీళ్లు పోస్తారు. అది పొరపాటు. మరీ వేడికి చర్మం బిగిసి వెంట్రుక మొదలును పట్టేస్తుంది, లాగితే పైన తెగి మొదలు లోపలే ఉండిపోతుంది. మరిగే నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు కలపండి. సుమారు 60 నుంచి 65 డిగ్రీలకు వస్తాయి. అందులో మూడు నాలుగు నిమిషాలుంచితే వెంట్రుక చేత్తో పీకితే వచ్చేస్తుంది. రావడం మొదలుకాగానే బయటికి తీసేయండి.

ఇప్పుడు ఈ కాలులో ఏముందో చూద్దాం. కండ దాదాపు లేదు. ఉన్నది చర్మం, మనం నరాలు అని పిలిచే తెల్లటి స్నాయువులు, కీళ్ల చివర మృదులాస్థి, ఎముక. ఎముక పక్కనపెడితే మిగతా వాటన్నిట్లో ప్రధానమైన ప్రొటీన్ కొల్లాజెన్. గంటలకొద్దీ నీళ్లలో ఉడికితే అది విడిపోయి జెలటిన్‌గా మారి సూపులోకి దిగుతుంది. పెదవులు అతుక్కునే ఆ జిగురు అదే. నేను నాలుగు కాళ్లకు, అంటే అర కిలోకు అటూ ఇటూ, లీటరున్నర నీళ్లు పోస్తాను. ముందు చల్లటి నీళ్లలో వేసి పొంగు వచ్చాక ఐదు నిమిషాలు మరిగించి, నురగతో సహా ఆ నీళ్లు పారబోసి, కాళ్లు కడిగి, కొత్త నీళ్లతో కుక్కర్‌లో పెడతాను. సారం పోతుందని భయపడకండి, కొల్లాజెన్ ఐదు నిమిషాల్లో కరగదు. పోయేది నెత్తుటి మడ్డి, మిగిలిన మసి. మొదటి కూత వచ్చాక మంట బాగా తగ్గించి 50 నిమిషాలు. మామూలు గిన్నెలో అయితే ఐదారు గంటలు. కీలు దగ్గర రెండు వేళ్లతో నొక్కితే ఎముకలు విడిపోవాలి, అదే గుర్తు.

ఎంత జెలటిన్ దిగిందో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. వడకట్టిన సూపును రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చూడండి. చాకుతో కోస్తే ముక్కలుగా నిలబడేలా గడ్డకడితే అందులో సుమారు నూటికి మూడు వంతుల జెలటిన్ ఉన్నట్టు. అంటే 250 మిల్లీలీటర్ల గిన్నెలో ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్. కదిలిస్తే వణికి జారిపోతే అందులో సగమో ఇంకా తక్కువో. గడ్డే కట్టకపోతే నీళ్లు ఎక్కువయ్యాయి లేదా ఉడకలేదు.

ఏడెనిమిది గ్రాములంటే గుడ్డుకన్నా ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ జెలటిన్ అసంపూర్ణ ప్రొటీన్. మన ఒంటికి బయటినుంచి తప్పనిసరిగా అందాల్సిన అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ అందులో లేదు, మరికొన్ని తక్కువ. ఒక్క జెలటిన్‌తో కండ పెరగదు, ఎముక అల్లుకోదు. పక్కన గుడ్డో, పాలో, పప్పో ఉంటే అప్పుడు ఇదీ పనికొస్తుంది. అందుకే మామయ్యగారికి సూపు తాగించి కడుపు నింపేసి, అన్నం మానిపించడం మాత్రం చేయకండి. పెద్దవాళ్ల విషయంలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. రెండు గిన్నెల సూపు తాగితే ఆకలి చచ్చిపోతుంది, అసలు ప్రొటీన్ పళ్లెంలోనే ఉండిపోతుంది.

కాల్షియం ఎందుకు దిగదంటే, ఎముకలో కాల్షియం ఫాస్ఫేటుతో బిగుసుకుని రాయిలా ఉంటుంది. మామూలు నీళ్లలో ఎంత ఉడికినా అది కరగదు. చింతపండో టమాటానో వేస్తే పులుపుకు కొంచెం కరుగుతుంది, అయినా గిన్నెడు సూపులో పాలతో పోల్చదగ్గంత ఉండదు. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240 మిల్లీగ్రాములుంటుంది. మన జాతీయ పోషకాహార సంస్థ అరవై దాటినవాళ్లకు రోజుకు చెప్పే లెక్క 1200 మిల్లీగ్రాములు. వంద గ్రాముల రాగుల్లో 350కి దగ్గరగా ఉంటుంది. ఎముక నుంచి కాల్షియం నిజంగా రావాలంటే ఎముకనే తినాలి. కుక్కర్‌లో బాగా ఉడికిన కాళ్ల ఎముకల గుల్ల చివరలను మన పెద్దలు నమిలి పీల్చేవారు చూడండి, అందులో కాల్షియం ఉంది. 71 ఏళ్ల మనిషి పళ్లతో అది పెట్టకండి. పాలు, పెరుగు, రాగిజావ ఇవ్వండి. డాక్టరు రాసిన డి విటమిన్ ఉంటే మానకుండా వేయండి, అది లేకపోతే తిన్న కాల్షియం కూడా ఒంటికి సరిగా పట్టదు.

తలకాయ సంగతి కాస్త పెద్దది. ఇక్కడ వరస ముఖ్యం. పైపని అంతా అయ్యాకే పగలగొట్టాలి. ముందే చీల్చి తర్వాత గీకితే మసి, వెంట్రుకలు మెదడులోకీ మాంసంలోకీ చేరతాయి. షాపులో చాలాసార్లు కాల్చిన వెంటనే మొద్దు మీద పెట్టి కొట్టేస్తారు. "అన్నా, కొట్టొద్దు, ముందు నేను గీక్కుంటా" అని చెప్పి పూర్తి తలకాయ తీసుకోండి, లేదా అక్కడే నిలబడి గీకించి అప్పుడు కొట్టించండి.

పొట్టేలు తలకాయ అయితే కంటి లోపలి మూల ముందు వేలు దిగేంత గుంట ఉంటుంది. దాని కింద పుర్రె ఎముకలో కూడా పల్లం ఉంటుంది. మేక పుర్రెకు అది ఉండదు కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఆ గుంటలో పసుపు, గోధుమరంగు జిడ్డు. చర్మంతో సహా రూపాయి బిళ్లంత మేర ఎముక దాకా కోసి తీసేయండి, రెండు వైపులా. మేకపోతు తలకాయ అయితే కొమ్ముల మొదళ్ల వెనక రెండంగుళాల చర్మాన్ని ఎముక దాకా ఒలిచేయండి. ఆడమేకకు, లేత పిల్లకు ఈ బాధ పెద్దగా ఉండదు. కొమ్ములు మంట మీద మొదలు వేడెక్కాక కొడితే డొప్పలా వస్తాయి.

చెవులు తినేవాళ్లయితే మొదలునుంచి చివరిదాకా నిలువుగా చీల్చి, లోపలి గులిమి, వెంట్రుకలు గీకాలి. తినకపోతే మొదలంటా కోసేయడం మేలు, చెవి గొట్టం సూపులో చేదు దింపుతుంది. పెదవుల లోపల, బుగ్గల లోపల ముళ్లలాంటి బొడిపెలుంటాయి, దంతాలకూ బుగ్గకూ మధ్య నెమరు వేసిన ఆకుపచ్చ మేత ఇరుక్కుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో ఆ సందులన్నీ రుద్దండి. పచ్చిగడ్డి కంపులాంటి వాసన వస్తోందంటే అది ఇక్కడిది.

చీల్చాక ముక్కు చూడండి. లోపల కాగితం చుట్టల్లా పల్చటి ఎముకలు, వాటినిండా చీమిడి. ఎవరూ తీయరు, ఎందుకంటే కనిపించవు. కత్తిమొనతో ఆ చుట్టలను రెండు వైపులా పూర్తిగా పెకిలించి, కుళాయి ధార కింద కడగండి. అక్కడ తెల్లగానో, వీపు మీద నల్లటి పట్టీలతోనో లావుపాటి పురుగులు కనిపించవచ్చు, రెండు మూడు సెంటీమీటర్ల పొడవు కూడా ఉంటాయి. మాంసం కుళ్లిందనుకుని చాలామంది హడలిపోతారు. అవి కుళ్లుకు పట్టిన పురుగులు కావు. ఒక రకం ఈగ బతికున్న గొర్రె ముక్కుల్లో పిల్లలు పెడుతుంది, అవి అక్కడే పెరుగుతాయి. కండలోకి అవి పోవు. ముక్కు భాగమంతా కోసి పారేస్తే మిగతా తలకాయ వాడుకోవచ్చు. నుదుటి ఎముక లోపలి గదుల్లోకి కూడా ఎక్కుతాయి కాబట్టి అక్కడా చూడండి. మనసొప్పకపోతే పారేయండి, అది మీ ఇష్టం.

నాలుకను ఎనిమిది, పది నిమిషాలు మరిగించి చల్లటి నీళ్లలో వేస్తే గరుకు తోలు చేత్తో ఒలిచేలా వస్తుంది. గొంతు వైపు మొదలు దగ్గర వదులుగా వేలాడే మెత్తటి భాగాలను కోసేయండి. హైదరాబాద్ నహారీలో కాళ్లతోపాటు ఈ నాలుకే పడుతుంది. మసాలాలన్నీ బట్టలో మూటకట్టి వేసి రాత్రంతా సన్నటి సెగ మీద ఉంచుతారు. ఆ మూట పరిమళం ఇస్తుంది, పులుసును తేటగా ఉంచుతుంది. మిగిలిపోయిన గ్రంథి వాసనకు మాత్రం మందు కాదు.

మెదడును పగలకుండా తీయించుకుని ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో అరగంట ఉంచండి. నెత్తురు దిగిపోతుంది, పైపొర నరాలతో సహా వేలితో లాగితే వస్తుంది. దాన్ని కుక్కర్‌లో వేయకండి, చెదిరిపోయి సూపంతా పాలవిరుగులా అవుతుంది. అన్నీ ఉడికాక ఆఖరి పది నిమిషాలు విడిగా వేయండి. మెదడు తీసినప్పుడు అందులో నీళ్ల బుడగ, లోపల తెల్లటి చుక్కలు కనిపిస్తే అది ఒక రకం బద్దెపురుగు పిల్లల సంచి. బతికున్నప్పుడు ఆ గొర్రె ఒకేవైపు గుండ్రంగా తిరిగి ఉంటుంది. ఆ మెదడు పారేయండి, కానీ కుక్కలకు వేయకండి. కుక్క కడుపులో ఆ పురుగు పెద్దదై, గుడ్లు కుక్క మలంతో మేత మీద పడి మళ్లీ గొర్రెలకు చేరుతుంది. పాతిపెట్టడమో కాల్చడమో చేయాలి.

ఇక దవడ మూల కింద, చెవి కింద చిక్కుడుగింజల్లాంటి బిళ్లలుంటాయి. మామూలుగా అవి బూడిదరంగులో గట్టిగా, కోస్తే లోపలంతా ఒకేలా ఉంటాయి. వాటిని ఎలాగూ తీసేయండి, రుచికీ పనికిరావు. ఒకటి నిమ్మకాయంత ఉబ్బి, లోపల చిక్కటి పచ్చని చీము ఉల్లిపొరల్లా కనిపిస్తే ఆ తలకాయ వండకండి. జీవాల్లో ఈ చీముగడ్డల జబ్బు మామూలుగా కనిపించేదే. కబేళాలో నేనైతే గడ్డను పగలగొట్టనిచ్చేవాణ్ణి కాదు, తలతో సహా పక్కన పెట్టించి కత్తి మార్పించేవాణ్ణి. ఇంట్లో పొరపాటున పగిలితే కత్తి, పీట మరిగే నీళ్లతో కడగండి. చేతికి గాయముంటే ఈ పనంతా తొడుగులు వేసుకునే చేయండి.

ఒకటి గట్టిగా చెప్పాలి. సంతలోనో, ఊళ్లోనో మరీ చవగ్గా కాల్చిన తలకాయలు, కాళ్లు అమ్ముతుంటే అది కోసిన జీవమో, చచ్చిన జీవమో కనుక్కోండి. దొమ్మరోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో చచ్చిన జీవాన్ని కోసినా, కడిగినా చేతులకు నల్లటి పుళ్లు పడతాయి. విశాఖ మన్యంలో అలా జరిగిన సందర్భాలున్నాయి. ఆ క్రిమి బీజాలు మామూలుగా మరిగించినా చావకపోవచ్చు. దాన్ని ఏ శుభ్రమూ సరిచేయలేదు.

తలకాయ సూపులో ఉండేది కాళ్ల సూపుకు కొంచెం భిన్నం. దవడ కండ, నాలుక నిజమైన మాంసం, అంటే పూర్తి ప్రొటీన్, ఇనుము. మామయ్యగారికి రెండింట్లో ఏది మేలంటే నేను దీన్నే చెప్తాను, కాకపోతే సూపు ఒక్కటే కాదు, ఆ బుగ్గ మాంసం మెత్తగా చిదిమి అన్నంలో కలిపి పెట్టండి. మెదడులో బి12, మంచి కొవ్వులు ఉన్నా కొలెస్ట్రాల్ చాలా ఎక్కువ. గొర్రె మెదడు వంద గ్రాముల్లో 1300 మిల్లీగ్రాములు దాటుతుంది, ఒక గుడ్డులో 200కి లోపే. గుండెజబ్బు ఉన్న మనిషికి మెదడు పక్కన పెట్టి మిగతాది ఇవ్వండి.

నల్లి గురించి రెండు మాటలు. అందులోని మూలుగ ఎముకలో ఉంటుంది కాబట్టి ఎముకకు బలం అనుకుంటారు. పెద్ద జీవం తొడ ఎముకలో అది చాలావరకు కొవ్వే, వెన్నలా. రెండు నల్లుల్లోంచి ఓ పాతిక గ్రాముల మూలుగ వస్తే అదే 150 కేలరీలకు పైన. ఒళ్లు తగ్గిపోయిన రోగికి ఆ శక్తి మంచిదే, కాల్షియం కోసం మాత్రం కాదు. చిత్రమేమిటంటే కాలి చివరకు వెళ్లేకొద్దీ కొవ్వు మెత్తబడుతుంది. పాదాలు ఒంటికన్నా చల్లగా ఉంటాయి, అక్కడ గట్టి కొవ్వుంటే పేరుకుపోతుంది. అందుకే కాళ్ల సూపు మీద తేలే నూనె, తొడ మాంసం కొవ్వులా తొందరగా తెల్లగా గట్టిపడదు. నల్లిని శుభ్రం చేయడమంటే మూలుగను కడగడం కాదు. మొద్దు మీద కొట్టినప్పుడు అంటిన ఎముక పెచ్చులు, కర్ర పీచు తీయడమే. ధార కింద పైపైన కడిగి, చేత్తో అంచులు తడిమి చూడండి. కుదిరితే రంపంతో కోసే చోట కోయించుకోండి, పెచ్చులు తక్కువ.

మామయ్యగారికి ఇచ్చేటప్పుడు ఏ సూపైనా సన్నటి జల్లెడతో, అవసరమైతే పల్చటి బట్టతో వడకట్టండి. పడుకుని తాగే మనిషికి చిన్న పెచ్చు కూడా గొంతులో ప్రమాదం. వారానికి రెండుమూడు సార్లు, పూటకు ఒక చిన్న గిన్నె, భోజనం ముందు కాకుండా తర్వాత. ఆయనకు యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్లు వాచే తత్వం ఉంటే సూపు వద్దు. ఆ పదార్థాన్ని పెంచేవి నీళ్లలోకే దిగుతాయి, పైన కొవ్వు తీసేసినా పోవు. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్ ఎంతన్నది చూసే డాక్టర్నే అడగాలి. బీపీ ఉంటే ఉప్పు సగం చేయండి.

మిగిలిన సూపును పొయ్యి మీదే రాత్రంతా వదిలేయకండి. జెలటిన్ నీళ్లంత ఇష్టంగా క్రిములు పెరిగే చోటు ఇంకొకటి ఉండదు. వెడల్పు గిన్నెలోకి వంచి, చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి తొందరగా చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో వాడేయాలి. ప్రతిసారీ తాగేంత మాత్రమే విడిగా తీసి, తెర్లేదాకా కాచి ఇవ్వండి.